14 వేల పాస్‌వర్డ్‌లు, 69 లక్షల మంది: 23అండ్‌మీ కేసు

2023 అక్టోబర్ మొదట్లో 23అండ్‌మీ కంపెనీ ఉద్యోగి ఒకరికి రెడ్డిట్‌లో ఒక పోస్టు కంటపడింది. తమ కస్టమర్ల వివరాలు అమ్మకానికి ఉన్నాయని అందులో ఉంది. కాలిఫోర్నియా కంపెనీ అది. ఉమ్మిని చిన్న గొట్టంలో పట్టి పోస్టులో పంపితే డీఎన్‌ఏ పరీక్షించి, మీ పూర్వీకులు ఏ ప్రాంతాలవాళ్లో, మీకు తెలియని రక్తసంబంధీకులు ఎక్కడెక్కడ ఉన్నారో చెబుతుంది. అప్పటికి దాదాపు కోటీ 40 లక్షల మంది కస్టమర్లు ఉన్నారు.

విచారణలో తేలింది ఏమిటంటే, కంపెనీ సర్వర్లను ఎవరూ బద్దలు కొట్టలేదు. దొంగలు ముందు తలుపు నుంచే వచ్చారు. సరైన ఈమెయిల్, సరైన పాస్‌వర్డ్ కొట్టి మామూలు కస్టమర్లలాగే లాగిన్ అయ్యారు. అలా నేరుగా తెరిచిన ఖాతాలు సుమారు 14 వేలు, అంటే మొత్తం కస్టమర్లలో వెయ్యికి ఒకరు. ఏప్రిల్ చివర మొదలైన ఈ పని సెప్టెంబర్ దాకా, ఐదు నెలలు సాగింది. ఇక వివరాలు బయటికి పోయినవాళ్లు ఎంతమంది అంటే సుమారు 69 లక్షలు.

లాగిన్ పేజీలకు కాపలా కాయడం నా ఉద్యోగం. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ కేసే. ఇందులో దాడి చేసిన పద్ధతి చాలా మామూలుది, ప్రతి లాగిన్ ప్రయత్నం నమోదయ్యే మా లాగ్‌లలో రోజూ కనబడేదే. ఆ మామూలు దాడి పాస్‌వర్డ్ జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్లను కూడా ముంచింది. 14 వేలు 69 లక్షలు ఎలా అయ్యాయో అర్థమైతే, ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడటం ఎందుకంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

జాబితా ఎక్కడిది?

ఈ దాడికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు క్రెడెన్షియల్ స్టఫింగ్. ఒక చోట లీకైన ఈమెయిల్-పాస్‌వర్డ్ జతలను తెచ్చి, ఇంకో చోట లాగిన్ పేజీలో వరసపెట్టి కొట్టి చూడటం. ఇందులో పాస్‌వర్డ్‌ను ఊహించే పనే లేదు. మీరు ఎప్పుడో ఎక్కడో నిజంగా వాడిన పాస్‌వర్డే వాళ్ల చేతిలో ఉంటుంది.

ఆ జతలు ఎలా దొరుకుతాయో చూడటానికి లింక్డ్‌ఇన్ సంగతి మంచి ఉదాహరణ. 2012లో దొంగిలించిన లింక్డ్‌ఇన్ డేటా 2016లో అమ్మకానికి వచ్చింది. అందులో 11 కోట్ల 70 లక్షల ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. పాస్‌వర్డ్‌లు నేరుగా లేవు, హ్యాష్ రూపంలో ఉన్నాయి. హ్యాష్ అంటే పాస్‌వర్డ్‌ను ఒక లెక్కలో వేసి పిండితే వచ్చే అక్షరాల వరస. ముందుకు వెళ్లడం తేలిక, వెనక్కి రావడానికి దారి లేదు. కానీ లింక్డ్‌ఇన్ అప్పట్లో సాల్ట్ వాడలేదు. సాల్ట్ అంటే ప్రతి పాస్‌వర్డ్‌కూ విడివిడిగా కలిపే చిటికెడు అదనపు అక్షరాలు. అవి లేకపోతే ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న లక్షమందికీ హ్యాష్ ఒకటే వస్తుంది. ఊహించిన పదాలను అదే లెక్కలో వేసి పోల్చుకుంటూ పోయి ఒకటి విప్పితే లక్షా విప్పినట్టే. అందుకే వాటిలో చాలా భాగం తొందరగానే అసలు పాస్‌వర్డ్‌లుగా బయటపడ్డాయి. 000వెబ్‌హోస్ట్ అనే ఉచిత హోస్టింగ్ సైటు కేసు ఇంకా ఘోరం. 2015లో బయటపడిన ఆ లీకులో కోటికి పైగా పాస్‌వర్డ్‌లు హ్యాష్ కూడా లేకుండా, ఉన్నవి ఉన్నట్టు దొరికాయి.

ఇలాంటి లీకులన్నీ కొంతకాలానికి కలిసిపోతాయి. ఎవరో ఒకరు వాటిని పోగుచేసి, రిపీట్ అయినవి తీసేసి, ఒక్కో వరసలో ఒక ఈమెయిల్, ఒక పాస్‌వర్డ్ ఉండేట్టు ఫైలుగా కూర్చుతారు. దాన్ని కాంబోలిస్ట్ అంటారు. 2019 జనవరిలో బయటపడిన ‘కలెక్షన్ 1’ అనే మూటలో 77 కోట్ల వేర్వేరు ఈమెయిళ్లు ఉన్నాయి. అది ఒక సైటు లీకు కాదు, ఎన్నో లీకుల కలగూరగంప. మీరు ఖాతా తెరిచి మరిచిపోయిన సైటు మూతపడిపోయి ఉండొచ్చు. అక్కడ మీరు కొట్టిన పాస్‌వర్డ్ మాత్రం ఇలాంటి ఫైలులో ఒక వరసగా చేతులు మారుతూనే ఉంటుంది.

ఒక్కో జతకు ఒక్క ప్రయత్నం

దాడి చేసేవాడు కూర్చుని చేత్తో టైప్ చేయడు. ఓపెన్‌బుల్లెట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. నిజానికి అది వెబ్‌సైట్లను పరీక్షించడానికంటూ తయారైనది, దాన్ని ఈ పనికి వాడుకుంటారు. దానికి మూడు ఇవ్వాలి. ఒకటి కాంబోలిస్ట్. రెండోది కాన్ఫిగ్, అంటే ఫలానా సైటు లాగిన్‌కు ఏ చిరునామాకు ఏం పంపాలి, లోపలికి వెళ్లామని ఏ జవాబును బట్టి గుర్తించాలి అని రాసిన చిన్న ఫైలు. మూడోది ప్రాక్సీలు, అంటే వేల ఐపీ అడ్రసులు. ఒక్కో ప్రయత్నం ఒక్కో ఇంటి ఇంటర్నెట్ నుంచి వచ్చినట్టు కనబడాలి కదా, అందుకు.

మా వైపు నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో కింద చూపిస్తాను. పేర్లు, అడ్రసులు కల్పితం, వరస మాత్రం ఇలాగే ఉంటుంది.

```
03:14:07  198.51.100.23   k.rao71@example.com   no_such_user
03:14:07  203.0.113.88    padma_s@example.net   no_such_user
03:14:08  192.0.2.140     venkat.g@example.org  wrong_password
03:14:08  203.0.113.12    m.suresh@example.com  no_such_user
03:14:09  198.51.100.201  devi1979@example.net  OK
```

ఐదు వరసల్లో ఐదు వేర్వేరు ఐపీలు, ఐదుగురు వేర్వేరు మనుషులు. ఒక్కొక్కరికి ఒక్కటే ప్రయత్నం. ‘ఐదుసార్లు తప్పు కొడితే ఖాతా లాక్ చేయాలి’ అనే పాత కాపలా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఆ నియమం ఒకే ఖాతా మీద వెయ్యి పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే దొంగ కోసం పెట్టింది. ఈ దొంగ తిరగేసి వస్తున్నాడు, వెయ్యి ఖాతాల మీద ఒక్కో పాస్‌వర్డ్. ‘ఒకే ఐపీ నుంచి ఎక్కువ లాగిన్‌లు వస్తే ఆపాలి’ అనేదీ అంతే, ఐపీ మారిపోతూనే ఉంటుంది. క్యాప్చా పెడితే ఆలస్యమవుతుంది తప్ప ఆగిపోదు, డబ్బులిస్తే క్యాప్చాలు విప్పిపెట్టే సర్వీసులు ఉన్నాయి. పైగా చాలా కంపెనీలు వెబ్‌సైట్‌కు క్యాప్చా పెట్టి, మొబైల్ యాప్ వాడే లాగిన్ దారిని ఉత్తిగా వదిలేస్తాయి. కాన్ఫిగ్ రాసేవాడు మొదట వెతికేది ఆ దారినే.

నేను ఈ లాగ్‌లో ముందుగా చూసేది ఏమిటంటే `no_such_user`. మామూలు కస్టమర్ తన పాస్‌వర్డ్ మరిచిపోతాడు, ఒక అక్షరం తప్పు కొడతాడు. అసలు తనకు ఖాతా లేని సైటులో లాగిన్ అవ్వాలని చూడటం అరుదు. కాంబోలిస్ట్ మాత్రం ఈ సైటు కోసం తయారైంది కాదు, ఎక్కడెక్కడివాళ్ల ఈమెయిళ్లో అందులో ఉంటాయి. కాబట్టి స్టఫింగ్ మొదలవగానే ‘ఇలాంటి యూజర్ లేరు’ అనే వరసలు ఒక్కసారిగా పెరుగుతాయి. మొత్తం లాగిన్‌ల సంఖ్య పెద్దగా మారకపోయినా ఈ నిష్పత్తి మారుతుంది. దాడి చేసేవాడు ఎంత నెమ్మదిగా, ఎన్ని ఐపీలతో వచ్చినా దీన్ని దాచడం కష్టం.

ఇక చివరి వరస, `OK`. పది లక్షల జతలున్న ఫైలు తీసుకున్నారని అనుకుందాం. వెయ్యికి ఒక్కటి తగిలినా వెయ్యి ఖాతాలు చేతికి వస్తాయి. మిగతా 9 లక్షల 99 వేలు వృథా అయినా దొంగకు పోయేదేమీ లేదు, వాటి కోసం పని చేసింది మెషీనే. ఈ దాడి ఇంత చవక కావడానికి కారణం అదే. ‘నాలాంటి మామూలు మనిషి ఖాతాతో వాడికేం పని?’ అని చాలామంది నన్ను అడుగుతారు. వాడు మిమ్మల్ని ఎంచుకోలేదు. ఫైలులో మీ వరస వచ్చింది, తలుపు తెరుచుకుంది, అంతే.

ఒక ఖాతా వెనక వందల మంది

చాలా సైట్లలో ఒక ఖాతా పోతే ఆ ఒక్కరిదే పోతుంది. వాలెట్‌లో డబ్బు, పాయింట్లు, ఇంటి అడ్రసు. 23అండ్‌మీలో అలా కాలేదు, కారణం ‘డీఎన్‌ఏ రెలెటివ్స్’ అనే సదుపాయం. దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లకు తమతో డీఎన్‌ఏ కలిసిన మిగతా కస్టమర్ల జాబితా కనబడుతుంది. వాళ్లు పెట్టుకున్న పేరు, ఎంత శాతం డీఎన్‌ఏ కలిసింది, ఏ వరస చుట్టరికం కావచ్చు, ఎప్పుడు చివరిసారి లాగిన్ అయ్యారు. వాళ్లు ఇష్టపడి పెట్టి ఉంటే ఊరు, పుట్టిన సంవత్సరం, పూర్వీకుల ప్రాంతాలు కూడా ఉంటాయి. మూడో తరం, నాలుగో తరం కజిన్స్ దాకా ఈ జాబితా సాగుతుంది కాబట్టి ఒక్కొక్కరికి వందల పేర్లు ఉంటాయి.

దొంగలు ఒక ఖాతా తెరిచారు, అందులో కనబడిన చుట్టాలందరి వివరాలూ ఎత్తుకున్నారు. తర్వాత ఇంకో ఖాతా, మళ్లీ అదే పని. ఇలా రెలెటివ్స్ ప్రొఫైళ్లు సుమారు 55 లక్షలు, వంశవృక్షం ప్రొఫైళ్లు ఇంకో 14 లక్షలు పోయాయి. 69 లక్షలను 14 వేలతో భాగిస్తే సగటున 490 దాటుతుంది. పాత పాస్‌వర్డ్‌ను మళ్లీ వాడిన ఒక్కో మనిషి వల్ల దాదాపు 500 మంది వివరాలు బయటపడ్డాయన్నమాట.

ఆ 500 మందిలో 20 అక్షరాల పాస్‌వర్డ్, ఇంకెక్కడా వాడనిది పెట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. పాస్‌వర్డ్‌తో పాటు కొట్టాల్సిన కోడ్ ఇచ్చే అథెంటికేటర్ యాప్ పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. వాళ్ల ఖాతాల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ముఖం కూడా చూడని ఒక దూరపు కజిన్ తన పాత పాస్‌వర్డ్‌ను ఇక్కడ కూడా కొట్టాడు, దాంతో వీళ్ల పేరు, పూర్వీకుల వివరాలు ఫోరంలో అమ్మకానికి వచ్చాయి. అమ్మినవాడు మొదట బయటపెట్టిన జాబితాలు అష్కెనాజీ యూదుల పేరుతో, చైనా మూలాలున్నవాళ్ల పేరుతో విడదీసి ఉన్నాయి. ఒక జాతివాళ్ల జాబితా ఎవరెవరి చేతుల్లో పడుతుందో అన్న భయం ఎంత నిజమైనదో చెప్పక్కర్లేదు. ఈ కేసు చదివిన ప్రతిసారీ నాకు బాధ కలిగించేది ఈ భాగమే.

ఐదు నెలలు ఎందుకు తెలియలేదు

బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం, కెనడా ప్రైవసీ కమిషనర్ కార్యాలయం కలిసి విచారణ జరిపాయి. 2025 జూన్‌లో బ్రిటన్ కార్యాలయం ఆ కంపెనీకి 23 లక్షల 10 వేల పౌండ్ల జరిమానా వేసింది. బ్రిటన్‌లోనే 1,55,592 మంది వివరాలు పోయాయని తేల్చింది.

ఆ విచారణలో బయటపడిన వరస చూస్తే, సూచనలు లేక కాదు అని అర్థమవుతుంది. జులైలో అనుమానాస్పద లాగిన్‌లు కనబడి కంపెనీ విడివిడిగా కొంత వాకబు చేసింది, ముక్కలను కలిపి చూడలేదు. ఆగస్టులో కోటి మందికి పైగా డేటా దొంగిలించామన్న మాట బయటికి వచ్చింది, దాన్ని వట్టి బూటకమని పక్కన పెట్టేశారు. అక్టోబర్‌లో రెడ్డిట్ పోస్టు కనబడ్డాకే పూర్తి విచారణ మొదలైంది.

నా అనుభవంలో ఇది చెడ్డవాళ్లు చేసే తప్పు కాదు, పని ఒత్తిడిలో ఉన్న మంచివాళ్లు చేసే తప్పు. స్టఫింగ్‌లో ఏ అలారమూ మోగదు. సర్వర్ పడిపోదు, ఎర్రర్ రాదు. లోపలికి వచ్చిన ఒక్కో లాగిన్‌ను విడిగా చూస్తే సక్రమంగానే ఉంటుంది, సరైన పాస్‌వర్డే కాబట్టి. అందుకే ఒక్కో లాగిన్‌ను కాకుండా, లోపలికి వచ్చాక మనిషి ఏం చేస్తున్నాడో కూడా చూడాలి. ఏడాదికోసారి వచ్చే కస్టమర్, కొత్త పరికరం నుంచి, వేరే దేశపు ఐపీ నుంచి వచ్చి, రెండు నిమిషాల్లో వందల చుట్టాల ప్రొఫైళ్లు వరసగా తెరిచాడంటే అది మనిషి తీరు కాదు. అంత మొత్తంలో చూడటానికి ఒక హద్దు పెట్టి ఉంటే, 14 వేల ఖాతాలు పోయినా 69 లక్షలు అయ్యేది కాదని నా నమ్మకం.

అక్టోబర్ 10న కంపెనీ కస్టమర్లందరి చేతా పాస్‌వర్డ్‌లు మార్పించింది. నవంబర్‌లో రెండంచెల లాగిన్‌ను, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడాన్ని, అందరికీ తప్పనిసరి చేసింది. అది 2019 నుంచే ఉంది, కాకపోతే ఇష్టమైతే పెట్టుకోవచ్చు అన్నట్టుగా. ఇష్టానికి వదిలేస్తే ఎంతమంది పెట్టుకుంటారో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

తప్పు ఎవరిది?

2024 జనవరిలో, కేసు వేసినవాళ్ల లాయర్లకు కంపెనీ రాసిన ఉత్తరం వార్తల్లోకి వచ్చింది. కస్టమర్లు నిర్లక్ష్యంగా పాత పాస్‌వర్డ్‌లనే మళ్లీ వాడారని, ఇతర సైట్లలో లీకులు జరిగాక కూడా మార్చుకోలేదని, తమ బాధ్యత లేదని దాని సారాంశం.

ఆ 14 వేల మంది విషయంలో మొదటి సగం నిజమే. కానీ 69 లక్షల్లో మిగతావాళ్లు ఏ పాస్‌వర్డ్ మార్చుకుంటే తప్పించుకునేవాళ్లు? దానికి జవాబు లేదు. పైగా కస్టమర్ పెట్టే పాస్‌వర్డ్ ఇప్పటికే లీకై ఉందా అని పెట్టే సమయంలోనే చూసుకునే ఉపాయం ఎప్పటినుంచో ఉంది. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియన్ నిపుణుడు నడిపే ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సైటు ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. పాస్‌వర్డ్‌ను వాళ్లకు పంపకుండానే చూడొచ్చు. ఎలాగో `password` అనే పదంతోనే చూద్దాం.

```
$ printf 'password' | sha1sum
5baa61e4c9b93f3f0682250b6cf8331b7ee68fd8  -

$ curl -s https://api.pwnedpasswords.com/range/5BAA6 \
  | grep 1E4C9B93F3F0682250B6CF8331B7EE68FD8
```

40 అక్షరాల హ్యాష్‌లో మనం బయటికి పంపింది మొదటి ఐదు, `5BAA6` మాత్రమే. ఆ ఐదింటితో మొదలయ్యే లీకైన హ్యాష్‌లన్నిటి మిగతా భాగాలను సర్వర్ తిరిగి పంపుతుంది. వాటిలో మనది ఉందా లేదా అన్నది మన కంప్యూటర్‌లోనే వెతుక్కుంటాం. ఉంటే పక్కన ఎన్నిసార్లు లీకుల్లో కనబడిందో అంకె వస్తుంది. `password` విషయంలో ఆ అంకె కోటికి పైనే. మనం ఏ పాస్‌వర్డ్ కోసం వెతుకుతున్నామో ఆ సర్వర్‌కు తెలియదు. ఖాతా తెరిచే పేజీలో ఇది కలపడం ఒక ప్రోగ్రామర్‌కు పెద్ద పని కాదు.

బ్రిటన్ కార్యాలయం ఎత్తిచూపిన లోపాల్లో ఇంకొకటి నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అది అందరూ మరిచిపోయేది. యూజర్‌నేమ్ ఊహించడానికి వీలుగా ఉండటం. లాగిన్ పేరు ఈమెయిలే అయితే, కాంబోలిస్ట్‌లోని వరస ఏ మార్పూ లేకుండా ఇక్కడ పనికొస్తుంది. జతలో సగం మనమే దొంగకు ఇచ్చినట్టు. నెట్ బ్యాంకింగ్‌లో బ్యాంకులు ఈమెయిల్ కాకుండా వేరే యూజర్ ఐడీ ఇవ్వడం కస్టమర్లకు విసుగు పుట్టిస్తుంది, కానీ ఆ విసుగు వల్ల ఈ దాడి సగం దారిలోనే ఆగుతుంది.

పాస్‌వర్డ్ మళ్లీ వాడటం తెలియనివాళ్లు చేసే పని అనుకోవద్దు. మన దేశంలోనే జరిగింది చూడండి. 2017 మేలో జొమాటో నుంచి కోటీ 70 లక్షల యూజర్ల వివరాలు పోయాయి. కారణాన్ని కంపెనీయే తర్వాత వివరంగా రాసింది. వాళ్ల డెవలపర్ ఒకరికి 000వెబ్‌హోస్ట్‌లో సొంత ఖాతా ఉంది. పైన చెప్పిన 2015 లీకులో ఆ పాస్‌వర్డ్ బయటపడింది. అదే ఈమెయిల్, అదే పాస్‌వర్డ్ కంపెనీ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనూ ఉన్నాయి. అక్కడ రెండంచెల లాగిన్‌ను అప్పటికి ఆన్ చేసుకోలేదు. అలా కోడ్ చేతికొచ్చింది. కోడ్ ఒక్కటే ఉంటే డేటాబేస్ తెరుచుకోదు, కానీ దాన్ని చదివి అందులో ఒక లొసుగు పట్టుకుని లోపలికి వెళ్లారు. రోజూ కోడ్ రాసే మనిషి, ఒకే ఒక్క జత. ఇది వేల జతలతో చేసే స్టఫింగ్ కాదు, కానీ దానికి బలమిచ్చే అలవాటు ఇదే.

బాబాయితో ఒక సాయంత్రం

మా బాబాయి రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు, గుంటూరులో ఉంటారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన ఈమెయిల్‌ను ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’లో కొట్టి చూశాను. పాత లీకులు రెండు చూపించింది. ఒకటి ఆయన ఎప్పుడో ఒకసారి సామాన్లు కొని మళ్లీ వెళ్లని షాపింగ్ సైటు.

“ఆ సైటులో ఏ పాస్‌వర్డ్ పెట్టారు బాబాయ్?” అన్నాను.

“నాకు ఉన్నదే ఒకటి కదరా, ఎక్కడైనా అదే” అన్నారు. పెద్దమ్మాయి పేరు, `@`, ఆమె పుట్టిన సంవత్సరం.

ఆయనకు టెన్షన్ వచ్చి వెంటనే షాపింగ్ సైటు పాస్‌వర్డ్ మార్చబోయారు. నేను ఆపి ముందు ఈమెయిల్ తెరిపించాను. మిగతా అన్ని సైట్లలోనూ ‘పాస్‌వర్డ్ మరిచిపోయారా?’ అని నొక్కితే లింకు వచ్చేది ఆ ఈమెయిల్‌కే. అది వేరేవాళ్ల చేతిలో ఉంటే ఇక్కడ మార్చిన ప్రతి పాస్‌వర్డ్‌నూ వాళ్లు మళ్లీ మార్చుకోగలరు. ఈమెయిల్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల లాగిన్ ఆన్ చేశాం. తర్వాత ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూసి, ఆయన గుర్తుపట్టని పాత ఫోన్ ఒకటి తీసేశాం. వచ్చిన మెయిళ్లను వేరే అడ్రసుకు పంపే ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టి ఉందా అని కూడా చూశాను. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే ఉండిపోతుంది, చాలామంది దాన్ని చూడరు. అదృష్టం, లేదు.

“సంవత్సరం పక్కన ఇంకో అంకె పెడితే సరిపోదా? గుర్తుంటుంది” అని అడిగారు.

సరిపోదు. లీకైన పాస్‌వర్డ్ చివర `1` చేర్చడం, సంవత్సరం మార్చడం, మొదటి అక్షరం పెద్దది చేయడం లాంటి మార్పులను నియమాలుగా ఇస్తే, ఫైలులో ఒక్కో వరసకు పది వరసలు పుట్టించే ప్రోగ్రాములు ఉన్నాయి. పాత పాస్‌వర్డ్‌తో ఏ పోలికా లేనిదే పెట్టాలి.

ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ పెడదామంటే ఆయనకు మనసొప్పలేదు. సరేనని ఒక చిన్న నోటుపుస్తకం తీశాం. ఇది చదివి నాతో పనిచేసేవాళ్లు కొందరు నొసలు ముడుస్తారని తెలుసు. కానీ స్టఫింగ్ చేసేవాడు ఎక్కడో వేరే ఖండంలో ఉంటాడు, గుంటూరులో బీరువాలో ఉన్న పుస్తకం వాడికి అందదు. ఇంట్లోకి వచ్చిపోయేవాళ్ల భయం ఉంటే అది వేరే లెక్క. డెబ్బై దాటిన మనిషికి, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ కంటే, ఒక్కో సైటుకు ఒక్కోటి రాసిపెట్టుకున్న పుస్తకం చాలా నయం.

దీనికీ హద్దు ఉంది, ఆయనకు అదీ చెప్పాను. కంప్యూటర్‌లోకి పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్ వస్తే, సైటుకొకటి పెట్టుకున్నా కొట్టినవన్నీ పట్టుకుపోతుంది. నకిలీ పేజీలో మనమే టైప్ చేస్తే, ఎంత మంచి పాస్‌వర్డ్ అయినా పోయినట్టే, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా అక్కడే కొట్టిస్తారు. పాస్‌వర్డ్‌లను వేర్వేరుగా పెట్టుకోవడం ఆపేది ఒక్కదాన్నే, ఒక చోట పోయింది ఇంకో చోట తలుపు తీయకుండా.

ఆ సాయంత్రం ఈమెయిల్, బ్యాంకు, పెన్షన్ సైటు, రైలు టికెట్ల ఖాతా, ఈ నాలుగూ మార్చాం. షాపింగ్ సైటు ఖాతాను, లోపల ఉన్న కార్డు, ఇంటి అడ్రసుతో సహా తీసేశాం. మిగతావి తీరిగ్గా మార్చుకుంటానన్నారు. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, “ఒరే, పిన్ని ఫేస్‌బుక్‌కు కూడా నా పాస్‌వర్డే అటరా, అదీ పుస్తకంలో ఎక్కించాను” అన్నారు.